సెంటు బాటిల్ గిఫ్ట్ ఇచ్చే ముందు వాళ్ళ డ్రెస్సింగ్ టేబుల్ చూడండి

ఈరోజు మాట్లాడుకునేది సెంటు గురించి. మనం కొట్టుకునే సెంటు కాదు, ఇంకొకరికి గిఫ్ట్‌గా ఇచ్చే సెంటు. పెర్ఫ్యూమ్, బాడీ మిస్ట్, అత్తరు, వాసన వచ్చే కొవ్వొత్తులు, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

చొక్కా సైజు తప్పిందనుకోండి, షాపుకి వెళ్ళి మార్చుకుంటాం. సెంటు విషయంలో ఆ వీలు తక్కువ. సీలు తీశాక చాలా షాపులు వెనక్కి తీసుకోవు. సీలు తీయకపోతే అది పడుతుందో లేదో, నచ్చుతుందో లేదో తెలీదు. పైగా ఇచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తుంటే "అబ్బ, భలే ఉంది" అనాల్సిందే. మనవాళ్ళ మొహమాటం సంగతి మీకు తెలుసు కదా. ఆ మొహమాటానికే కొంతమంది ఒకసారి కొట్టుకుని చూపిస్తారు కూడా. తర్వాత రెండు రోజులు గోక్కుంటారు, లేదా తలనొప్పితో పడుకుంటారు. మనకి మాత్రం ఎప్పటికీ చెప్పరు.

అందుకే ఒక విషయం ముందే చెప్పేస్తా. సెంటు ఒకరికి పడలేదు అంటే అందులో మూడు వేరు వేరు సంగతులు ఉంటాయి. ఒకటి, చర్మానికి పడకపోవడం. రెండు, ముక్కుకి, ఊపిరికి, తలకి పడకపోవడం. మూడు, ఒంటికి ఏమీ కాకపోయినా ఆ వాసన అసలు నచ్చకపోవడం. ఈ మూడింటినీ కలిపేసి "ఆవిడకి సెంట్లు పడవంట" అనేస్తాం. కానీ ఒక్కోదానికి కనుక్కునే పద్ధతి వేరు, ఇవ్వాల్సిన గిఫ్ట్ వేరు.

మా ఇంట్లో జరిగింది చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. మా తమ్ముడు ఒకరోజు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. మా వదిన పుట్టినరోజు వస్తోంది, బడ్జెట్ 2,500 రూపాయలు, కార్ట్‌లో 50 ఎంఎల్ పెర్ఫ్యూమ్ పెట్టాడు. "అక్కా, రివ్యూలు బాగున్నాయి, రోజంతా ఉంటుందంట, నొక్కేయమంటావా?" అని అడిగాడు. నేను ఒకటే అడిగా: "వదిన ఇప్పుడు ఏం వాడుతోంది?" వాడికి తెలీదు. సరే, అన్నయ్యకి చెప్పి డ్రెస్సింగ్ టేబుల్ ఫొటో ఒకటి తీయించి పంపమన్నా.

ఫొటో వచ్చింది. మూడు సెంటు సీసాలు ఉన్నాయి. మూడూ దాదాపు నిండుగా ఉన్నాయి, మూతల మీద దుమ్ము. పక్కనే ఒక పెద్ద మాయిశ్చరైజర్ డబ్బా, దాని మీద ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అని రాసి ఉంది, అది మాత్రం అడుగంటింది.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మూడు సీసాలు చూసి "ఓహో, వదినకి సెంట్లంటే ఇష్టం" అనుకుంటారు. నిండుగా ఉన్న సీసా ఇష్టానికి గుర్తు కాదండీ, అది ఎవరో ఇచ్చి వెళ్ళిన గిఫ్ట్ అయ్యుంటుంది. ముప్పావు వంతు ఖాళీ అయిన సీసా ఏదైనా ఉంటే అదీ ఇష్టం అంటే. ఇక వాసన లేని క్రీమ్ ఒకటి వెతికి మరీ కొనుక్కుని అడుగంటేదాకా వాడుతున్నారంటే, దాని వెనక ఏదో కారణం ఉండే అవకాశం ఎక్కువ.

అన్నయ్యని అడిగిస్తే చెప్పాడు. ఆ సీసాలన్నీ పెళ్ళిలో వచ్చినవే. కొట్టుకుంటే మెడ దురద పెడుతుందని వదిన మానేసింది. నేను ఇంకో ప్రశ్న అడిగించా: "కొట్టుకున్న ఎంతసేపటికి దురద వచ్చింది?" ఆదివారం ఒక ఫంక్షన్‌కి కొట్టుకుందంట. మంగళవారం పొద్దున లేచేసరికి మెడ పక్కన, మణికట్టు లోపలివైపు ఎర్రగా పొక్కినట్టు వచ్చి వారం దాకా తగ్గలేదంట.

ఆ రెండు రోజుల గ్యాప్ చాలా ముఖ్యం. ఎందుకో చెప్తా.

సెంటు కొట్టుకున్న వెంటనే చురుక్కుమంటే, అప్పుడే షేవింగ్ చేసిన చోటో, పొడిబారి పగిలిన చర్మం మీదో మంట పుడితే, అది చాలాసార్లు అందులో ఉండే ఆల్కహాల్ వల్ల వచ్చే మంట. కాసేపటికి పోతుంది. అలర్జీ కథ వేరు. సెంటులో ఉండే ఒక పదార్థాన్ని మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడో ఒకసారి శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. అలా గుర్తుపెట్టుకునేటప్పుడు పైకి ఏమీ కనపడదు. ఏళ్ళ తరబడి హాయిగా వాడినవాళ్ళకి కూడా ఏదో ఒక రోజు ఇది మొదలవ్వచ్చు. ఆ తర్వాత అదే పదార్థం చర్మానికి తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, దురద, ఎరుపు, పొక్కులు వస్తాయి. ఒకసారి మొదలైతే మామూలుగా జీవితాంతం ఉంటుంది. కొన్నాళ్ళు మానేస్తే పోయేది కాదు.

ఆలస్యంగా వస్తుంది కాబట్టే చాలామంది దీన్ని సెంటుతో ముడిపెట్టరు. మంగళవారం దురద పుడితే సోమవారం తిన్న వంకాయ కూర మీదకి తోసేస్తారు. పాపం వంకాయ!

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మెడ మీద దురద అనగానే సెంటే కారణం అని తేల్చేయకూడదు. గిల్టు నగల్లో ఉండే నికెల్ అనే లోహం వల్ల వచ్చే అలర్జీ చాలా ఎక్కువ మందికి ఉంటుంది. ఫంక్షన్ రోజున సెంటూ కొట్టుకుంటారు, గిల్టు నెక్లెసూ పెట్టుకుంటారు. మరి ఏది దోషి? దద్దురు ఎక్కడ వచ్చిందో చూడాలి. గొలుసు ఆనిన గీత వెంట, చెవి కమ్మ పెట్టిన చోట, జీన్స్ గుండీ తగిలే బొడ్డు కింద వస్తే నికెల్ మీద అనుమానం. చెవి వెనక, మెడ పక్కల, మణికట్టు లోపల, అంటే స్ప్రే కొట్టే చోట్ల వస్తే సెంటు మీద అనుమానం. వదినకి మణికట్టు లోపల వచ్చింది కదా, ఆ రోజు చేతికి బంగారు గాజులే ఉన్నాయంట. కాబట్టి మొగ్గు సెంటు వైపే. అయినా ఇది అనుమానం మాత్రమే. ఖాయంగా తేల్చేది చర్మ డాక్టర్ చేసే ప్యాచ్ టెస్ట్.

ప్యాచ్ టెస్ట్ అంటే సూదులు పొడవడం కాదు. వీపు మీద చిన్న చిన్న బిళ్ళల్లో రకరకాల పదార్థాలు పెట్టి అతికిస్తారు. రెండు రోజులు అలాగే ఉంచాలి, వీపు తడపకూడదు. 48 గంటలకి తీసి చూస్తారు, మళ్ళీ మూడో రోజో నాలుగో రోజో ఇంకోసారి చూస్తారు. అందులో నికెల్ ఉంటుంది, సెంట్లలో వాడే కొన్ని పదార్థాలు కలిపిన ఫ్రాగ్రెన్స్ మిక్స్ అనే బిళ్ళ కూడా ఉంటుంది. ఏ బిళ్ళ కింద ఎర్రబడి పొక్కితే దానికి అలర్జీ ఉన్నట్టు.

సరే, తమ్ముడు ఊరుకోలేదు. "అయితే న్యాచురల్‌ది కొంటానక్కా, కెమికల్స్ లేని అత్తరు" అన్నాడు. ఈ మాట నేను వారానికి నాలుగు సార్లు వింటా. దీని గురించి కొంచెం ఆగి మాట్లాడుకుందాం.

వాసనలో కెమికల్ లేకుండా ఉండదండీ. మన వంటింట్లో లవంగం వాసన యూజెనాల్ అనే పదార్థానిది. దాల్చినచెక్క వాసన సిన్నమాల్‌ది. నారింజ తొక్క గిల్లితే చిమ్మేది లిమోనీన్. లావెండర్‌లో లినలూల్, గులాబీలో జెరానియాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్. చర్మ అలర్జీ తెచ్చే సెంటు పదార్థాల లిస్టు తీస్తే ఈ పేర్లే కనపడతాయి. అవి పువ్వులోంచి వచ్చాయా, ఫ్యాక్టరీలోంచి వచ్చాయా అన్నది మన చర్మం పట్టించుకోదు. మల్లె, గులాబీ, చందనం నుంచి తీసిన అసలు సిసలు తైలాలకి కూడా అలర్జీ ఉన్నవాళ్ళు ఉన్నారు.

అత్తరు విషయంలో ఇంకోటి చూడాలి. స్ప్రే పెర్ఫ్యూమ్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలే. ఓ ద టాయ్‌లెట్ అని రాసినదాంట్లో వాసన తైలం సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పార్ఫమ్ అయితే సుమారు 15 నుంచి 20 శాతం ఉంటుంది. అత్తరులో ఆల్కహాల్ ఉండదు, చందన తైలంలోనో మరో నూనెలోనో వాసన పట్టి ఉంటుంది. దాన్ని చిక్కగా ఒకే చోట రుద్దుతాం. చార్మినార్ దగ్గర అత్తరు షాపులో చిన్న పుల్లతో మణికట్టు మీద రాస్తారు చూడండి, అదే. ఆల్కహాల్‌తో మంట పుట్టేవాళ్ళకి అది హాయిగా ఉండొచ్చు. కానీ వాసన పదార్థానికే అలర్జీ ఉన్నవాళ్ళకి అత్తరు ఏ రకంగానూ సేఫ్ కాదు. దానికితోడు చాలా అత్తరు సీసాల మీద లోపల ఏముందో అసలు రాసే ఉండదు.

డబ్బా మీద రాసి ఉంటే ఉపయోగం ఉందా అంటే, ఉంది. యూరప్‌లో అమ్మే సెంట్ల మీద అలర్జీ తెచ్చే 26 వాసన పదార్థాల పేర్లు విడిగా రాయాలని 2005 నుంచి రూల్ ఉంది. ఒంటి మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం దాటితే పేరు రాయాల్సిందే. 2023లో ఆ లిస్టుని 80కి పైగా పెంచారు, కొత్త సరుకుకి అది 2026 జులై నుంచి వర్తిస్తుంది. అందుకే ఇంపోర్టెడ్ డబ్బాల వెనక లినలూల్, లిమోనీన్, కూమరిన్ లాంటి పేర్లు వరసగా కనపడతాయి. అవి చూసి భయపడి డబ్బా పారేయక్కర్లేదు. అలర్జీ లేనివాళ్ళకి ఆ పేర్లతో పనే లేదు. ప్యాచ్ టెస్ట్ చేయించుకుని తనకి ఏది పడదో తెలిసినవాళ్ళకి మాత్రం ఆ లిస్టు బంగారం.

ముందువైపు పెద్ద అక్షరాలతో రాసే మాటల్ని మాత్రం నేను పెద్దగా నమ్మను. హైపోఅలర్జెనిక్ అనే మాటకి అందరూ ఒప్పుకున్న ఒక కొలత లేదు. అన్‌సెంటెడ్ అన్నదాంట్లో కూడా మిగతా సరుకు వాసనని కప్పడానికి కొంచెం సువాసన కలిపి ఉండొచ్చు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అన్న మాట కొంచెం నయం. అప్పుడు కూడా వెనకాల లిస్టులో పార్ఫమ్ అనో, ఫ్రాగ్రెన్స్ అనో, ఏదైనా పువ్వు ఆయిల్ పేరో ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఇంకో చిన్న సంగతి, చాలామందికి తెలియనిది. లిమోనీన్, లినలూల్ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా అలర్జీ తెచ్చే రకం కాదు. గాలి తగిలి పాతబడేకొద్దీ అవి మారిపోయి, బాగా అలర్జీ తెచ్చే పదార్థాలు అవుతాయి. ఎప్పుడో మూత తీసి, ఎండ తగిలే కిటికీ పక్కన మూడేళ్ళు పెట్టిన సీసాని "నేను వాడట్లేదు, నువ్వు తీసుకో" అని ఇంకొకరికి ఇవ్వకండి. రంగు ముదిరినా, పైన పుల్లటి వాసనో పాత నూనె వాసనో కొడుతున్నా అది చెడిపోయిందని అర్థం.

ఇక రెండో సంగతి, ఊపిరి, తల. దీన్ని కూడా వదిన విషయంలో కనుక్కున్నాం, ఎందుకంటే చర్మానికి పడనివాళ్ళకి గాలిలో వాసన పడొచ్చు, పడకపోవచ్చు. అన్నయ్యని మూడు అడిగాం. క్యాబ్ ఎక్కితే ఫ్రెషనర్ వాసనకి అద్దం దించుతుందా? లిఫ్ట్‌లో ఎవరైనా గట్టిగా సెంటు కొట్టుకుని ఉంటే తల పట్టుకుంటుందా? హ్యాండ్‌బ్యాగ్‌లో ఇన్‌హేలర్ ఉందా? మూడింటికీ లేదనే చెప్పాడు. రోజూ మల్లెపూలు పెట్టుకుంటుంది, పూజలో అగరబత్తి వెలిగిస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. అంటే వదినకి గాలిలో వాసనతో గొడవ లేదు, చర్మానికి తగిలితేనే.

ఈ అగరబత్తి ప్రశ్న గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. అగరబత్తికి దగ్గు వస్తుంది కాబట్టి సెంటు పడదు అనుకోకండి. అగరబత్తి పొగ, సాంబ్రాణి పొగ, ఇవి పొగలు. పొగకే చాలామందికి దగ్గొస్తుంది. పొగ లేని వాసనకి, అంటే క్యాబ్ ఫ్రెషనర్‌కో ఫ్లోర్ క్లీనర్‌కో ఆయాసం, తలనొప్పి వస్తే అప్పుడు సీరియస్‌గా తీసుకోండి.

కామెంట్స్‌లో ఒకరు అడిగారు: "మా రూమ్మేట్‌కి ఉబ్బసం ఉంది, లైట్‌గా ఉండే సెంటు ఇవ్వొచ్చా?" అని. నా సమాధానం సూటిగా చెప్తా: వద్దు. ఉబ్బసం ఉన్న అందరికీ సెంటుతో ఆయాసం రాదు, నిజమే. కానీ వచ్చేవాళ్ళకి ఎప్పుడు ఎంత మోతాదుకి వస్తుందో బయటినుంచి మనం చెప్పలేం. లైట్ అన్నది మన ముక్కు లెక్క, వాళ్ళ ఊపిరితిత్తుల లెక్క కాదు. మైగ్రేన్ కూడా అంతే. కొందరికి వాసనే నొప్పిని మొదలుపెడుతుంది, కొందరికి నొప్పి ఉన్నప్పుడు ఏ వాసనా భరించలేరు. వీళ్ళ విషయంలో డబ్బా వెనక లిస్టు చదివినా లాభం లేదు, ఎందుకంటే ఇది ఒక పదార్థానికి అలర్జీ కాదు, ఘాటైన వాసన రేపే చిరాకు. వీళ్ళకి స్ప్రే వద్దు, డిఫ్యూజర్ వద్దు, వాసన కొవ్వొత్తి వద్దు. సెంటు అయితే కనీసం సీసా మూత బిగించి పక్కన పెట్టొచ్చు. డిఫ్యూజర్ ప్లగ్‌లో ఉంటే గది మొత్తం, అందులో పడుకునే చంటిపిల్లతో సహా, అదే గాలి పీల్చాలి. ఇంట్లో పిల్లి ఉంటే కూడా ఆయిల్ డిఫ్యూజర్ ఇవ్వకండి, కొన్ని తైలాలు పిల్లులకి విషం.

ఇప్పుడు వదిన గిఫ్ట్ సంగతి. తమ్ముడు ఇంకో ఐడియా చెప్పాడు: "ఒంటి మీద కాకుండా చీర మీద కొట్టుకోమంటే?" ఈ సలహా చాలామంది ఇస్తారు. కొంత వరకు నిజమే, చర్మానికి తగిలేది తగ్గుతుంది. కానీ మన ఎండలకి చెమట పట్టి బట్టలోది మెడకి అంటుకుంటుంది. అనుమానం ఇంత గట్టిగా ఉన్నప్పుడు, అదీ పుట్టినరోజు గిఫ్ట్‌గా, ఆ ప్రయోగం ఎందుకు? మనకి తెలిసింది రెండే: సెంటు చర్మానికి తగలకూడదు, మల్లె వాసన అంటే ప్రాణం. అందుకని కూకట్‌పల్లిలో వాళ్ళ ఫ్లాట్ బాల్కనీలో ఎండ ఎంతసేపు పడుతుందో అడిగాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడుతుంది. మల్లెకి అది చాలు. వాడు నర్సరీకి వెళ్ళి మొగ్గలు ఉన్న గుండుమల్లె మొక్కలు రెండు, వాటికి పెద్ద మట్టి కుండీలు కొన్నాడు. బడ్జెట్‌లో సగం కూడా ఖర్చు కాలేదు. మిగిలిన డబ్బుతో ఆ అడుగంటిన మాయిశ్చరైజర్ పెద్ద డబ్బా, అదే కంపెనీది, అదే రకం కొనమన్నా. వదిన ఏమందో తెలుసా? "నా క్రీమ్ పేరు నీకెలా తెలుసురా?" అని అడిగింది.

తర్వాత అన్నయ్య బలవంతం మీద ప్యాచ్ టెస్ట్ కూడా చేయించుకుంది. ఫ్రాగ్రెన్స్ మిక్స్ దగ్గర పొక్కింది, నికెల్ దగ్గర ఏమీ లేదు. అంటే గిల్టు నగలు హాయిగా పెట్టుకోవచ్చు, సెంటు మాత్రం వద్దు. మల్లెపూలు ఇన్నేళ్ళుగా పెట్టుకుంటున్నా ఏమీ కాలేదు కాబట్టి అవి కొనసాగించమన్నారు, దురద మొదలైతే ఆపమన్నారు.

ఇక మూడో సంగతి, ఇష్టం. ఒంటికి ఏ ఇబ్బందీ లేని మనిషికి కొంటున్నారనుకోండి. అప్పుడు కూడా డ్రెస్సింగ్ టేబులే మొదటి క్లూ. ఖాళీ అవుతున్న సీసా పేరు నోట్ చేసుకోండి. అదే మళ్ళీ కొనివ్వడం తప్పేం కాదు. సర్‌ప్రైజ్ ఉండదు అంటారు, కానీ అయిపోవస్తున్న టైమ్‌లో అదే చేతికొస్తే ఎంత సంతోషమో వాడేవాళ్ళకి తెలుసు. సీసాలు ఏవీ లేకపోతే వాళ్ళు వాడే సబ్బు, తలనూనె, పౌడర్ చూడండి. పదేళ్ళుగా చందనం సబ్బు తప్ప ముట్టని మనిషికి చాక్లెట్ వాసన వచ్చే తియ్యటి సెంటు ఇస్తే ఒక్కరోజు కూడా కొట్టుకోరు. వద్దన్న వాసన ఏంటో కూడా కనుక్కోండి, ఇష్టమైనదాని కన్నా అది ముఖ్యం. సంపెంగ వాసన అంటే ఒకరికి పెళ్ళి గుర్తొస్తుంది, ఇంకొకరికి ఎవరో పోయిన రోజు గుర్తొస్తుంది. అక్కడ మనం వాదించడానికి ఏమీ ఉండదు.

షాపులో టెస్టర్ పేపర్ మీద కొట్టి ఇస్తారు కదా, ఆ మొదటి పీల్పుతో డిసైడ్ అవ్వకండి. మొదటి పది, పదిహేను నిమిషాల్లో వచ్చేది నిమ్మ, నారింజ లాంటి త్వరగా ఎగిరిపోయే వాసన. అమ్మేవాళ్ళకి కావాల్సింది మీరు ఆ పది నిమిషాల్లో బిల్లు కట్టడం. అసలు మనిషి ఒంటి మీద రోజంతా ఉండేది గంట తర్వాత మిగిలేది. పేపర్ జేబులో పెట్టుకుని బయట ఒక టీ తాగి, ఫోన్ చూసుకుని, గంటయ్యాక మళ్ళీ వాసన చూడండి. అప్పుడు కూడా అది మీ ముక్కుకి నచ్చిందనే తెలుస్తుంది, వాళ్ళ ముక్కుకి కాదు.

అందుకే నాకు బాగా నమ్మకమైన పద్ధతి శాంపిల్ సెట్. చాలా బ్రాండ్లు ఇప్పుడు 2 ఎంఎల్, 5 ఎంఎల్ చిన్న సీసాలు నాలుగైదు కలిపి ఒక డబ్బాగా అమ్ముతున్నాయి. అది గిఫ్ట్‌గా ఇచ్చి, "ఇందులో నీకు ఏది నచ్చితే దాని పెద్ద సీసా నాది" అని కార్డు మీద రాయండి. బడ్జెట్ 2,500 అయితే శాంపిల్ సెట్‌కి ఒక ఆరేడు వందలు, మిగతాది పెద్ద సీసాకి పక్కన పెట్టుకోండి. వాళ్ళకి మొహమాటం ఉండదు, ఎందుకంటే మీరే ఎంచుకోమన్నారు. నాలుగిట్లో మూడు వద్దన్నా మీకు చిన్నతనం లేదు.

దీంట్లో ఇంకో లాభం ఉంది. ఆ చిన్న సీసాతో వాళ్ళే టెస్ట్ చేసుకోవచ్చు. మోచేతి మడత దగ్గర, లోపలివైపు, రూపాయి బిళ్ళంత చోట రోజుకి రెండుసార్లు చొప్పున ఒక వారం రాయాలి. ఒక్కరోజు చూసి వదిలేస్తే లాభం లేదు, అలర్జీ ఆలస్యంగా వస్తుందని చెప్పుకున్నాం కదా. దురద, ఎరుపు కనపడితే అక్కడే ఆపేసి కడిగేయాలి. వారం బాగానే ఉంటే ఇప్పటికి ఆ సెంటుకి అలర్జీ లేదని చాలావరకు అనుకోవచ్చు. రేపు ఎప్పుడూ రాదని మాత్రం ఈ టెస్ట్ చెప్పదు. ఇంతకుముందే సెంట్లతో గట్టిగా పొక్కులు వచ్చినవాళ్ళు ఇంట్లో ఈ టెస్ట్ చేసుకోకండి, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

పెద్ద సీసా కొనేటప్పుడు 100 ఎంఎల్ ఆఫర్‌లో ఉందని ఎగబడొద్దు. రోజూ కొట్టుకోనివాళ్ళకి 30 ఎంఎల్ చాలా నెలలు వస్తుంది, పాతబడకముందే అయిపోతుంది. బిల్లు దాచండి, పైన ప్లాస్టిక్ కవర్ మీరు తీయకండి. "నచ్చకపోతే సీలు తీయకుండా చెప్పు, మార్చి ఇస్తా" అని ఇచ్చేటప్పుడే అనేయండి. తర్వాత అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

చివరిగా, అమెరికా, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు కామెంట్స్‌లో ఎక్కువగా అడిగేది. పెర్ఫ్యూమ్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి అది మంటలంటుకునే సరుకు కింద లెక్క. మామూలు కొరియర్‌లో విమానం మీద పంపడానికి చాలాచోట్ల ఒప్పుకోరు, పేరు మార్చి పార్సిల్‌లో దాచి పంపకండి, మధ్యలో ఆగిపోతుంది. మనుషుల చేత పంపితే, చేతి బ్యాగ్‌లో సీసా 100 ఎంఎల్ దాటకూడదు. చెక్-ఇన్ బ్యాగ్‌లో అయితే ఒక్కో సీసా 500 ఎంఎల్ దాకా పెట్టొచ్చు, అలాంటివన్నీ కలిపి ఒక మనిషికి రెండు లీటర్లు దాటకూడదు. స్ప్రే మూత ఊడకుండా టేపు వేసి, జిప్ కవర్‌లో పెట్టి, బట్టల మధ్యలో చుట్టండి. ఆవకాయ సీసా పక్కన మాత్రం పెట్టకండి, ఏది పగిలినా రెండోది కూడా పోయినట్టే.